లిమోనీన్‌లో రింగ్ బాండ్, కార్వోన్‌లో తోక బాండ్: పెరాసిడ్ ఎటు పోతుంది?

ప్రశ్న: నేను అనంతపురంలో ఎమ్మెస్సీ చదువుతున్నా. లిమోనీన్‌కి ఎంసీపీబీఏ వేస్తే రింగ్‌లోని డబుల్ బాండే ముందు ఎపాక్సైడ్ అవుతుందంట. దాని చుట్టూ గ్రూపులు ఎక్కువ కదా, అడ్డం రావా? కార్వోన్‌లో మాత్రం రింగ్ బయటిది అవుతుందంటున్నారు. ఇంకో డౌటు: ఇది స్టీరియోస్పెసిఫిక్ అయితే లిమోనీన్‌లో రెండు ఐసోమర్ల మిశ్రమం ఎందుకు వస్తుంది?

జవాబు: కర్నూలులో డిగ్రీ, పీజీ పిల్లలకు ఆర్గానిక్ ల్యాబ్ చెబుతుంటాను. ఈ రెండు నూనెల్నీ పక్కపక్కనే పెట్టి చేయించడం నాకు అలవాటు. రెండింటి అస్థిపంజరం ఒకటే, కార్వోన్‌లో రింగ్ డబుల్ బాండ్ పక్కన ఒక కార్బొనిల్ ఉంటుంది, అంతే తేడా. ఆ ఒక్క తేడాతో రియాక్షన్ చోటు మారిపోతుంది.

ముందు ఎవరు ఎవరికి ఎలక్ట్రాన్లు ఇస్తున్నారో చూడండి. ఎంసీపీబీఏ ఒక పెరాసిడ్. పెరాసిడ్‌లో ఆక్సిజన్-ఆక్సిజన్ బంధం బలహీనం. చివరి ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్లు అందితే ఆ బంధం తెగి, మిగతాది మామూలు కార్బాక్సిలిక్ ఆసిడ్‌గా బయటికి పోతుంది. కాబట్టి ఇక్కడ ఎలక్ట్రాన్లు ఇచ్చేది ఆల్కీన్, తీసుకునేది పెరాసిడ్. ఆల్కీన్ దగ్గర ఎలక్ట్రాన్లు ఎంత సులభంగా దొరికితే రియాక్షన్ అంత వేగం. మీథైల్ లాంటి ఆల్కైల్ గ్రూపు ఒక్కొక్కటి చేరేకొద్దీ ఆల్కీన్ హోమో ఎనర్జీ పెరిగి, పెరాసిడ్ ఖాళీ ఆర్బిటాల్‌కు దగ్గరవుతుంది. పెరాసెటిక్ ఆసిడ్‌తో కొలిచిన వేగాలు చూస్తే, ఇథిలీన్‌ను 1 అనుకుంటే ఒక ఆల్కైల్ గ్రూపు ఉన్నది 20 పైన, రెండున్నది 500 దగ్గర, మూడున్నది 6500 దగ్గర ఉంటుంది.

మరి అడ్డం సంగతి? ఆల్కీన్ మీది గ్రూపులు దాని తలంలోనే పక్కలకు పరుచుకుని ఉంటాయి. ఆక్సిజన్ వచ్చేది తలానికి పైనుంచో కిందనుంచో. అందుకే మామూలు ఆల్కైల్ గ్రూపులు దారికి పెద్దగా అడ్డం పడవు. ఒకవైపు ముఖాన్ని భారీ గ్రూపు కప్పేస్తే మాత్రం రెండో ముఖం నుంచే వస్తుంది. అది వేరే లెక్క.

ఇప్పుడు లిమోనీన్. రింగ్ డబుల్ బాండ్ మీద మూడు ఆల్కైల్ గ్రూపులు, తోకలోని దాని మీద రెండు. పై అంకెల ప్రకారం తేడా పది పదిహేను రెట్లే. అంటే రింగ్‌వైపు బాగా మొగ్గు ఉంటుంది కానీ నూటికి నూరు కాదు. రీజెంట్ ఎక్కువైతే డైఎపాక్సైడ్ ఖాయం. అందుకే తూకం ముఖ్యం. 1.36 గ్రాముల లిమోనీన్, అంటే 10 మిల్లీమోల్స్ తీసుకుంటే, స్వచ్ఛమైన ఎంసీపీబీఏ 1.73 గ్రాములు చాలు. కానీ సీసాలో వచ్చేది గరిష్ఠంగా 77 శాతమే, మిగతాది క్లోరోబెంజోయిక్ ఆసిడ్, నీళ్లు. కాబట్టి 2.24 గ్రాములు తూచాలి. పాత సీసా అయితే బలం ఇంకా తగ్గి ఉంటుంది, ముందు అయోడోమెట్రీతో టైట్రేట్ చేసుకోండి. పౌడర్‌ను బాగా ఎండబెట్టి "ప్యూర్" చేద్దామని మాత్రం చూడొద్దు, తడి లేకుండా ఎండిన పెరాసిడ్ పేలే సరుకు.

సాల్వెంట్ డైక్లోరోమీథేన్. అది 40 డిగ్రీలకే మరుగుతుంది, మన ఏప్రిల్ మధ్యాహ్నం గది వేడే ఆ దరిదాపుల్లో ఉంటుంది. ఐస్ బాత్ పెట్టి, ఎంసీపీబీఏను కొద్దికొద్దిగా వేయాలి. సోడియం బైకార్బొనేట్ కూడా ముందే వేయాలి. లేకపోతే రియాక్షన్‌లో పుట్టే ఆసిడే మీ ఎపాక్సైడ్ రింగ్‌ను తెరిచి హైడ్రాక్సీ ఎస్టర్‌గా మార్చేస్తుంది. చివర్లో సోడియం థయోసల్ఫేట్ ద్రావణంతో కడిగి, స్టార్చ్ అయోడైడ్ పేపర్ తాకించి చూడండి. నీలం వస్తే పెరాసిడ్ ఇంకా ఉన్నట్టే, మళ్లీ కడగాలి. ఆ పరీక్ష కాకుండా సాల్వెంట్‌ను ఎగరగొట్టడానికి నేను ఒప్పుకోను.

ఏ బాండ్ పోయిందో ప్రోటాన్ ఎన్ఎంఆర్ చెబుతుంది. లిమోనీన్‌లో 5.4 పీపీఎం దగ్గర రింగ్ హైడ్రోజన్, 4.7 దగ్గర తోక చివరి రెండు హైడ్రోజన్లు కనిపిస్తాయి. రియాక్షన్ తర్వాత 5.4 మాయమై, 4.7 అలాగే ఉండి, 3.0 దగ్గర ఎపాక్సైడ్ సిగ్నల్ వస్తుంది.

కార్వోన్‌లో ఇదే తిరగబడుతుంది. రింగ్ డబుల్ బాండ్ ఎలక్ట్రాన్లను పక్కనున్న కార్బొనిల్ తనవైపు లాగేసుకుంటుంది. మీద ఆల్కైల్ గ్రూపులు ఉన్నా పెరాసిడ్‌కు ఇవ్వడానికి అక్కడ పెద్దగా మిగలదు. కార్బొనిల్‌కు దూరంగా ఉన్న తోక మామూలు ఆల్కీన్‌లాగే ఉంటుంది కనుక అదే ఎపాక్సైడ్ అవుతుంది. ఎన్ఎంఆర్‌లో 6.75 దగ్గరి రింగ్ హైడ్రోజన్ చెక్కుచెదరదు, 4.8 దగ్గరివి పోతాయి. టీఎల్‌సీలో ప్రోడక్ట్ మచ్చ యూవీ దీపం కింద ఇంకా నల్లగా కనిపిస్తుంది, అంటే ఈనోన్ బతికే ఉంది.

ఇక మిశ్రమం డౌటు. స్టీరియోస్పెసిఫిక్ అంటే ఆల్కీన్ జ్యామితి ప్రోడక్ట్‌లో అలాగే ఉంటుందని మాత్రమే అర్థం. ఆక్సిజన్ రెండు కార్బన్లకూ ఒకే అడుగులో, ఒకే ముఖం నుంచి అంటుకుంటుంది. మధ్యలో కేటయాన్ ఉండదు, బంధం తిరగడానికి సమయం ఉండదు. సిస్ నుంచి సిస్, ట్రాన్స్ నుంచి ట్రాన్స్. అయితే ఏ ముఖం నుంచి రావాలన్నది ఈ నియమం చెప్పదు. లిమోనీన్‌లో తోక గ్రూపు దూరంగా ఉంది, రెండు ముఖాలకూ దాదాపు సమాన అవకాశం. అందుకే రెండు డయాస్టీరియోమర్లు సుమారు సగం సగం వస్తాయి. నియమం ఎక్కడా తప్పలేదు.

పైగా ఆరు కార్బన్ల రింగ్‌లో డబుల్ బాండ్ ఎలాగూ సిస్సే, కాబట్టి స్టీరియోస్పెసిఫిసిటీని లిమోనీన్‌తో నిరూపించలేం. దానికి నాకు నచ్చిన ఉదాహరణ ఒలీయిక్ ఆసిడ్. మన బుడ్డల నూనెలో సగం వరకు ఉండే కొవ్వు ఆమ్లం అదే, సిస్ ఆల్కీన్. దాని ట్రాన్స్ జోడీ ఎలైడిక్ ఆసిడ్. ఫార్మిక్ ఆసిడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే పెర్‌ఫార్మిక్ ఆసిడ్ అక్కడికక్కడే తయారవుతుంది. ఆ ఆసిడ్‌లోనే ఎపాక్సైడ్ వెనకవైపు నుంచి తెరుచుకుంటుంది, క్షారంతో కాచి ఆమ్లీకరిస్తే డైహైడ్రాక్సీస్టియరిక్ ఆసిడ్ తెల్లని ఘనంగా వస్తుంది. ఒలీయిక్ నుంచి వచ్చినది థ్రియో రూపం, 95 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఎలైడిక్ నుంచి వచ్చినది ఎరిథ్రో, 130 దాటాక కరుగుతుంది. రెండు క్యాపిల్లరీలనూ ఒకే థర్మామీటర్‌కు కట్టి వేడి చేస్తే, ఒకదాంట్లో పొడి జారి నీరైపోయాక కూడా రెండోది చాలాసేపు అలాగే నిలబడి ఉంటుంది. మధ్యలో బంధం తిరిగే వీలుంటే రెండింటి నుంచీ ఒకే మిశ్రమం రావాలి కదా.

కార్వోన్ రింగ్ బాండే ఎపాక్సైడ్ కావాలంటే పెరాసిడ్ వదిలేసి క్షారంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడాలి. అక్కడ హైడ్రోపెరాక్సైడ్ అయాన్ ఎలక్ట్రాన్లు ఇచ్చేది, కాబట్టి ఎలక్ట్రాన్లు తక్కువున్న బాండే దానికి కావాలి. కానీ అది రెండు అడుగుల్లో, ఈనోలేట్ మీదుగా జరుగుతుంది. రింగ్ లేని ఈనోన్‌లలో ఆ ఈనోలేట్ దశలో బంధం తిరగగలదు, సిస్ ఈనోన్ నుంచి కూడా ట్రాన్స్ ఎపాక్సైడ్ రావచ్చు. పరీక్షలో ఎపాక్సైడ్ జ్యామితి గీయమంటే ఆల్కీన్ కంటే ముందు బాణం మీదున్న రీజెంట్ చదవండి.