గంట మాడ్యూల్‌ను ఎక్కడ విడగొట్టాలి?

ప్రశ్న: ఆఫీసులో ఉద్యోగులకిచ్చే గంటసేపటి డేటా ప్రైవసీ ట్రైనింగ్ మాడ్యూల్‌ను పది నిమిషాలకో పాఠంగా విడగొడితే సరిపోతుందా?

సరిపోదు, ఉద్యోగి తీసుకోవాల్సిన ఒక్కో నిర్ణయానికి ఒక్కో పాఠం ఉండాలి. నిమిషాల లెక్కన విడగొడితే నియమం ఒకచోట, దాన్ని వాడే సందర్భం ఇంకోచోట పడతాయి. ఇక క్విజ్‌లో మిగిలేది బట్టీయే.

మాదాపూర్‌లో ఒక ఆఫీసు అనుకోండి. క్యాబ్ వెండర్ ఉద్యోగుల లిస్టు అడిగాడు, ఏ కాలమ్‌లు పంపాలి? పేరు, ఫోన్, పికప్ పాయింట్, షిఫ్ట్ టైమ్ చాలు. ఆధార్‌ కూడా క్విజ్‌లో టిక్ చేసినవాళ్లకు "తప్పు" అని చూపించి వదిలేయకూడదు. "ఇంటి దగ్గర ఎక్కించుకోవడానికి ఆధార్ అక్కర్లేదు, ఆ కాలమ్ తీసేసి పంపండి" అని అక్కడికక్కడే కారణం చెప్పాలి.

క్విజ్‌లో 80 శాతం మార్కులొస్తే విషయం వచ్చేసినట్టేనని చాలామంది అనుకుంటారు. అదే ప్రశ్న మళ్లీ మళ్లీ ఇస్తే జవాబు గుర్తుపెట్టుకుని నొక్కినా ఆ మార్కులు వస్తాయి. రెండో ప్రయత్నంలో సందర్భం మార్చాలి: ఈసారి లిస్టు అడిగింది ఐడీ కార్డులు ప్రింట్ చేసేవాడు.