కీలకపదం లేదు, అర్థం ఉంది: మార్కు ఎంత?

చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. పిల్లలు పుస్తకంలోని పదాలు రాయకపోయినా విషయం సరిగ్గానే రాస్తున్నారని, మార్కు వేయాలో కొట్టేయాలో తేలడం లేదని రాశావు. తొమ్మిదో తరగతివాళ్లకు నువ్విచ్చిన ఎండుద్రాక్ష ప్రశ్నతోనే చెబుతాను. ఎండుద్రాక్షలను నీటిలో వేస్తే ఎందుకు ఉబ్బుతాయి? రెండు మార్కులు. నీ సమాధాన సూచికలో అరమార్కు చొప్పున నాలుగు అంశాలున్నాయి: నీరు లోపలికి కదలడం, తక్కువ గాఢత నుంచి ఎక్కువ గాఢతకు, పాక్షిక పారగమ్య త్వచం, ద్రవాభిసరణ.

దిద్దే ముందు, ఒక్కొక్క పదం పక్కన అది ఏ పని చెబుతుందో రాసుకో. 'పాక్షిక పారగమ్య త్వచం' అంటే నీటిని పోనిచ్చి చక్కెరను ఆపే పొర. 'తక్కువ గాఢత నుంచి' అంటే పలుచని వైపు నుంచి చిక్కని వైపుకు. పదం రాయనివాడు ఆ పని చెప్పాడా అన్నదే నువ్వు వెతకాలి. ద్రవాభిసరణ మాత్రం ప్రక్రియ పేరు. అరమార్కు ఆ పేరుకే కేటాయిస్తే, వివరణ ఎంత బాగున్నా పేరు రాయనివాడికి అది రాదు. అలా కేటాయించినప్పుడు 'ప్రక్రియ పేరు రాసి వివరించండి' అని ప్రశ్నలోనే అడగాలి. అడగకుండా అరమార్కు కోయడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఈసారి అడగలేదు కాబట్టి, ఆ అరమార్కును 'లోపల చక్కెర ఎక్కువ' అన్న కారణానికి మార్చెయ్యి.

ఇప్పుడు ఒక జవాబు చూద్దాం. 'ద్రాక్ష లోపల చక్కెర చిక్కగా ఉంది, బయట మామూలు నీళ్లు ఉన్నాయి. అందుకని నీళ్లు తొక్కలోంచి లోపలికి పోయాయి. చక్కెర బయటికి రాలేకపోయింది.' పుస్తకం మాట ఒక్కటీ లేదు. కానీ నీటి కదలిక ఉంది, దిశ ఉంది, కారణం ఉంది. త్వచం చేసే పని చివరి రెండు వాక్యాల్లో కలిపి ఉంది. తరగతిలో ఆ ప్రయోగం చేసినప్పుడు తొక్కనే పొరగా చూపించాం కనుక 'తొక్క' అన్నందుకు తగ్గించకు. రెండుకు రెండు వెయ్యి. అదే పిల్లవాడు 'తొక్కలోంచి పోయాయి' అని ఆపేసి చక్కెర సంగతి ఎత్తకపోతే, త్వచం అరమార్కు రాదు. జల్లెడలోంచి అయినా నీళ్లు పోతాయి కదా.

దీనికి ఎదురుగా ఇంకో జవాబు: 'ద్రవాభిసరణ వల్ల పాక్షిక పారగమ్య త్వచం ద్వారా చక్కెర అణువులు తక్కువ గాఢత నుంచి ఎక్కువ గాఢతకు కదులుతాయి.' పదాలన్నీ ఉన్నాయి, ఎర్రసిరా టిక్కులు చకచకా పడిపోతాయి. కానీ ఇందులో కదిలింది నీరు కాదు, చక్కెర! అలాంటప్పుడు త్వచం దేన్ని ఆపినట్టు? ఉబ్బడానికి కారణం చెప్పినట్టా? దీనికి నేను సున్నా వేస్తాను. పేరుకు అరమార్కు ఉంచి ఉంటే అది మాత్రం దక్కుతుంది. కీలకపదాల కింద గీతలు గీస్తూ పోయే అలవాటుంటే మానుకో. క్రియను, ఆ క్రియకు కర్తను ముందు చదువు.

అన్నిటికన్నా తిప్పలు పెట్టేది 'ఎక్కువ గాఢత నుంచి తక్కువ గాఢతకు' అన్న వాక్యం. సూచికకు సరిగ్గా తలకిందులు కాబట్టి చెయ్యి కొట్టేయడానికే వెళుతుంది. అయితే 'నీటి గాఢత ఎక్కువున్న చోటి నుంచి' అని రాస్తే అది పూర్తిగా సరైనది. మంచినీటిలో నీటి వంతే ఎక్కువ. దేని గాఢతో చెప్పకుండా వదిలేస్తే మిగిలిన వాక్యాలు చూడు. 'బయట నీళ్లు ఎక్కువ' అనో, 'లోపల తీపి ఎక్కువ' అనో కనిపిస్తే దిశకు అరమార్కు ఇవ్వు. ఏ ఆధారమూ లేకపోతే ఇవ్వకు. వాడు తెలివైనవాడు, తెలిసే రాసి ఉంటాడు అనుకొని వేయకు. కాగితం మీద ఉన్నదానికే మార్కు.

'నీళ్లు పీల్చుకుని ఉబ్బాయి' అన్నదానికి నీటి కదలిక అరమార్కుతో సరి.

అక్షరదోషాల సంగతి కూడా అడిగావు. ద్రవాభిసరణను 'ద్రవాబిసరన' అని రాస్తే ఇబ్బంది లేదు, అది మరో పదంగా పొరబడేది కాదు. కానీ క్లోమం ప్రశ్నలో 'గ్లైకగాన్' అని రాస్తే ఒప్పుకోకు. అది గ్లూకగాన్ అనే హార్మోనా, గ్లైకోజన్ అనే నిల్వ పదార్థమా తేల్చలేం.

మొదట పది పన్నెండు పేపర్లు పెన్సిలుతో దిద్దు. ఒప్పుకున్న మాటలను, ఒప్పుకోని మాటలను సూచిక అంచునే రాసుకో. తర్వాత మొదటి పేపర్లను ఆ జాబితాతో మళ్లీ చూసి సిరా పెట్టు. పక్క సెక్షను టీచరుకు కూడా ఆ జాబితా ఇవ్వు. లేకపోతే ఇక్కడ రెండు మార్కులు వచ్చిన జవాబుకు అక్కడ అరమార్కే వచ్చిందని పిల్లలు నీ దగ్గరికే వస్తారు.

నీ మేనత్త