కూర ఉడికింది, కీరా ఉడకలేదు

ప్రశ్న: చికెన్ ఎలాగూ బాగా ఉడికించే తింటాం కదా. అది కోసిన బోర్డు, కత్తి, చేతుల వల్ల నిజంగా జబ్బులొస్తాయా? నేను బోర్డును నీళ్లతో కడిగి దాని మీదే కూరగాయలు కోస్తాను. మా అత్తగారు 30 ఏళ్లుగా ఇలాగే చేస్తున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు.

వస్తాయండి. మా ఇంట్లోనే వచ్చాయి, అదీ నా వల్ల. బెంగళూరులో ఒక క్యాటరింగ్ కిచెన్‌లో క్వాలిటీ చూసే ఉద్యోగం నాది. పచ్చి మాంసానికి ఎర్ర బోర్డు, సలాడ్‌కి ఆకుపచ్చ బోర్డు అని అక్కడ రోజూ అందరి ప్రాణం తీస్తుంటాను. ఇంట్లో మాత్రం అప్పట్లో ఉన్నది ఒకే ఒక్క చెక్క బోర్డు.

ఒక ఆదివారం మారతహళ్లి పీజీలో ఉండే మా తమ్ముడు భోజనానికి వచ్చాడు. మా ఆయన కిలో చికెన్ తెచ్చారు. షాపువాడు పెద్దపెద్ద ముక్కలు కొట్టిచ్చాడని నేను మళ్లీ బోర్డు మీద పెట్టి చిన్నగా కోసి, సింక్‌లో పంపు తిప్పి మూడుసార్లు కడిగాను. బోర్డునూ కత్తినీ అదే పంపు కింద ఓసారి తిప్పి, రెండు కీరాలు, ఒక ఉల్లిపాయ చక్రాలుగా తరిగాను. కూర 40 నిమిషాలు ఉడికింది, ముక్క ఎముక నుంచి ఊడి వచ్చేసింది.

మంగళవారం రాత్రి తమ్ముడికి జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి. బుధవారం పొద్దున్నకి నాకూ, మా ఐదేళ్ల పాపకూ విరేచనాలు. తమ్ముడు సోమవారం పానీపూరీ తిన్నాడు కాబట్టి నేరం ముందు దాని మీద పడింది. కానీ పాప ఆ పానీపూరీ తినలేదు, నేనూ తినలేదు. అప్పుడు కాగితం మీద ఎవరు ఏం తిన్నారో రాశాను. మా ఆయన కూర రెండుసార్లు వేయించుకున్నారు, కీరా ముట్టరు. ఆయనకేమీ కాలేదు. మా అత్తయ్య పళ్ల నొప్పితో పచ్చివేవీ నమల్లేదు, కూరన్నం తిన్నారు. ఆవిడా బాగానే ఉన్నారు. పాప కారమని కూర ముట్టనే లేదు, పెరుగన్నంలో కీరా ముక్కలు నంజుకుంది. తమ్ముడూ నేనూ రెండూ తిన్నాం. అంటే పడకేసిన ముగ్గురూ కీరా తిన్నవాళ్లే. కూర మాత్రమే తిన్న ఇద్దరూ నిక్షేపంగా తిరుగుతున్నారు.

తమ్ముడికి విరేచనాల్లో కొద్దిగా రక్తం కనిపించడంతో డాక్టరు పరీక్ష రాశారు. క్రిములను పెంచి చూసే మామూలు కల్చర్‌లో ఏదీ దొరకలేదు. అది నాకు ఆశ్చర్యమనిపించలేదు. నా అనుమానం కాంపైలోబాక్టర్ అనే క్రిమి మీద. అది పెరగాలంటే ప్రత్యేకమైన మీడియం, తక్కువ ఆక్సిజన్, 42 డిగ్రీల వేడి కావాలి. ప్రత్యేకంగా దానికోసమే వెతికితే తప్ప ల్యాబ్‌లో పట్టుబడదు. కోళ్ల పేగుల్లో అది మామూలుగానే ఉంటుంది, కోడికేమీ చేయదు. చికెన్‌లో ఉండే ఇంకో క్రిమి సాల్మొనెల్లా అయితే చాలాసార్లు మర్నాటికే బయటపడుతుంది. కాంపైలోబాక్టర్ సాధారణంగా 2 నుంచి 5 రోజులు తీసుకుంటుంది. ఆదివారం తిన్నదానికి మంగళ, బుధవారాల్లో లక్షణాలు కనిపిస్తే చికెన్ ఎవరికి గుర్తొస్తుంది? "ఎవరికీ ఏమీ కాలేదు" అని మనం అనుకునేదాంట్లో కొంత భాగం ఇదే.

ఇంకో సంగతి. ఈ క్రిమి కీరా మీద పెరగనే అక్కర్లేదు. 500 క్రిములు లోపలికెళ్లినా జబ్బు చేయగలవు, పచ్చి చికెన్ నుంచి కారే నీరు ఒక్క చుక్కలో అన్ని ఉండొచ్చు. అందుకే "కోసిన వెంటనే తినేశాం" అన్నది ఇక్కడ రక్షణ కాదు. ఆ చుక్క కూరలో పడితే ఉడికి చస్తుంది. కీరా మీద పడితే నేరుగా నోట్లోకే.

మా అత్తయ్య మాత్రం ఒప్పుకోలేదు. "చికెన్‌కి అంత పసుపు పట్టించాం కదమ్మా, ఇంకా క్రిములేంటి?" అన్నారు. పసుపు, ఉప్పు, నిమ్మరసం నీసువాసన తగ్గిస్తాయి, బోర్డు మీద ఉన్న క్రిమిని నమ్మకంగా చంపవు. కానీ ఆవిడ మాటతోనే నాకో ఆలోచన వచ్చింది. దిష్టి తీసే ఎర్రనీళ్లు తెలుసుగా, పసుపులో సున్నం కలిపితే ఎర్రబడేవి? ఆ తర్వాతి ఆదివారం చికెన్‌కి పసుపు కాస్త ఎక్కువే పట్టించి, ముక్కలు కలిపి వండే పని మా ఆయనకి అప్పజెప్పాను. ఎందుకో చెప్పలేదు. వంటయ్యాక గ్లాసు నీళ్లలో చిటికెడు సున్నం కలిపి, తెల్ల టిష్యూ తడిపి, గ్లవ్స్ వేసుకుని కిచెన్‌లో ఒక్కోచోట అద్దుతూ వెళ్లాను.

పంపు పిడి మీద అద్దితే టిష్యూ ఎర్రబడింది. అది ఊహించిందే. ఉప్పు డబ్బా మూత మీద బొటనవేలి ముద్ర గీతలతో సహా వచ్చింది. పోపుల పెట్టెలో స్పూను పిడి, ఫ్రిజ్ హ్యాండిల్, నూనె ప్యాకెట్ కత్తిరించిన మూల, చేతులు తుడుచుకునే గుడ్డ, చివరికి క్రికెట్ చూస్తూ మధ్యలో నొక్కిన ఫోన్ స్క్రీన్ కూడా. పోపుల పెట్టెలో పసుపు ఎలాగూ ఉంటుంది కాబట్టి ఆ స్పూనును లెక్కలోంచి తీసేశాను, మిగతావాటికి ఆ సాకు లేదు. నీళ్లతో కడిగిన బోర్డు పైకి శుభ్రంగా కనిపించింది, టిష్యూ నొక్కి పట్టాక కత్తిగాట్ల వెంట సన్నని ఎర్రగీతలు తేలాయి. కత్తికి పిడి కలిసే సందులోనూ అంతే.

దీన్ని క్రిముల పరీక్ష అనుకోకండి. చెక్కకి పట్టిన పసుపు క్రిములు పోయాక కూడా ఉంటుంది, మరక లేనిచోట క్రిమి ఉండనూ వచ్చు. చేయి ఎక్కడెక్కడికి వెళ్లిందో మాత్రం కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. నేనైతే బోర్డు గురించే టెన్షన్ పడ్డాను. అసలు తిరిగిందంతా చేయి.

అమెరికా వ్యవసాయ శాఖ 2019లో బయటపెట్టిన ఒక పరిశీలన ఇదే చెప్పింది. హాని చేయని, గుర్తుపట్టగల క్రిమిని చికెన్‌కి పట్టించి, మామూలు మనుషుల చేత చికెన్, సలాడ్ చేయించారు. చికెన్ కడిగినవాళ్లలో 26 శాతం మంది సలాడ్‌లో ఆ క్రిమి దొరికింది. కడగనివాళ్లలో కూడా 31 శాతం మంది సలాడ్‌లో దొరికింది. అంటే కడగడం మానేసినంత మాత్రాన సరిపోదు, చేతులు సరిగ్గా కడుక్కోకపోతే అంతే సంగతులు. అయితే కడిగినవాళ్లలో 60 శాతం మంది సింక్‌లో కూడా క్రిమి మిగిలింది, మనం కీరా కడిగేదీ ఆ సింక్‌లోనే.

కడగొద్దనే అధికారిక సలహా. మన ఇళ్లలో అది నడవదని నాకు తెలుసు. షాపు చికెన్‌కి ఈకల మొదళ్లు, రక్తపు గడ్డలు అంటుకుని వస్తాయి, కడగని కోడిని మా అత్తయ్య పొయ్యి ఎక్కనివ్వరు. అందుకని మధ్యేమార్గం పెట్టుకున్నాం. లోతైన గిన్నెలో ముందు నీళ్లు పోసి, దాన్ని సింక్ అడుగున పెట్టి, ముక్కల్ని మెల్లగా అందులోకి దించి చేత్తో కలుపుతాం. ముక్కల మీద పంపు తిప్పం, చిమ్మేది ఆ ధారే. నీళ్లను జాలి దగ్గరగా, నెమ్మదిగా ఒంపుతాం. దీంతో ప్రమాదం తగ్గుతుంది, పోదు.

అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం వరస మార్చడం, దానికి పైసా ఖర్చు లేదు. చికెన్ కవరు విప్పకముందే పచ్చిగా తినేవన్నీ కోసి, మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. కీరా, ఉల్లి చక్రాలు, నిమ్మచెక్కలు. వీటితోపాటు అందరూ మర్చిపోయేది కొత్తిమీర. పొయ్యి కట్టేశాక పైన చల్లేదాన్ని చికెన్ బోర్డు మీద తరిగితే 40 నిమిషాల ఉడుకు వృథా. కూరలో వేగే ఉల్లిపాయలు, టమాటాలు ఆ బోర్డు మీదే కోసినా నేను పట్టించుకోను, అవి ఎలాగూ ఉడుకుతాయి. ఉప్పు, కారం, పసుపు కూడా ముందే చిన్న గిన్నెలోకి తీసుకుంటాను. అప్పుడు చికెన్ చేత్తో డబ్బాలు తెరిచే పని ఉండదు. ఒక చేయి చికెన్‌కి, ఇంకో చేయి గరిటెకి, పంపుకి.

అయ్యాక బోర్డు, కత్తి సబ్బుతో, పీచుతో గాట్ల వెంబడి తోమి, వేడినీళ్లు పోసి, నిలబెట్టి ఆరబెడతాను. కాంపైలోబాక్టర్ ఎండకూ ఆరుదలకూ త్వరగా చస్తుంది, సాల్మొనెల్లా మొండిది. చెక్కా ప్లాస్టికా అని చాలామంది కొట్టుకుంటారు కానీ, లోతైన గాట్లు పడిన ఏ బోర్డయినా పారేయాల్సిందే. బెంగళూరు వానాకాలంలో మా చెక్క బోర్డు మర్నాటికి కూడా ఆరేది కాదు, అందుకే చికెన్‌కి వేరే ప్లాస్టిక్ బోర్డు కొన్నాను. సింక్‌నీ పంపు పిడినీ ముందు సబ్బుతో కడిగి, ఆ తర్వాత లీటరు నీళ్లకు ఒక టీస్పూను వాసన లేని బ్లీచ్ కలిపి తుడిచి, కొన్ని నిమిషాలు వదిలేస్తాను. జిడ్డు మీదే బ్లీచ్ పోస్తే పని చేయదు. వెనిగర్‌తోగానీ టాయిలెట్ క్లీనర్‌తోగానీ కలపొద్దు, విషవాయువు వస్తుంది. చేతులు సబ్బుతో 20 సెకన్లు, గోళ్ల సందులతో సహా. పంపును మోచేత్తో తిప్పుతాను.

ఇక మీ అత్తగారి 30 ఏళ్ల సంగతి. మా అత్తయ్యని ఇదే అడిగాను, ఊళ్లో ఎలా చేసేవారని. కోడిని పెరట్లో కోసి, కడిగి, ముక్కలు కొట్టి, గిన్నెలో వేశాకే వంటింట్లోకి తెచ్చేవారట. కూరగాయలకి కత్తిపీట లోపల వేరేగా ఉండేది. కోడికూర రోజు కీరా, పచ్చి ఉల్లి చక్రాలు పెట్టే అలవాటే లేదన్నారు. మీ అత్తగారిని కూడా ఒకసారి అడిగి చూడండి, ఆవిడ మొదట్లో కోడిని ఎక్కడ కోసేవారో.