ఫుల్‌బ్రైట్ ఫెలోషిప్, రెండేళ్ల షరతు

ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్ వచ్చింది. చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలంటున్నారు. ఏ దేశాలవారు ఏ రంగాల్లో చదివితే తిరిగి వెళ్లాలో చెప్పే అమెరికా నైపుణ్యాల జాబితా నుంచి భారత్‌ను తీసేశారు కదా, ఇంకా ఆ షరతు ఉంటుందా?

ఉంటుంది. 2024 డిసెంబరులో భారత్ పేరు ఆ జాబితా నుంచి తొలగిన మాట నిజమే. కానీ ప్రభుత్వ నిధులతో జె-1 అనే మార్పిడి కార్యక్రమాల వీసాపై వెళ్లినవారికి ఆ నిధుల కారణంగానే షరతు పడుతుంది; జాబితాతో దానికి సంబంధం లేదు.

ఇది డబ్బు తిరిగి కట్టి వదిలించుకునే బాండు కాదు. రెండేళ్లు పూర్తయ్యేదాకా హెచ్-1బి, ఎల్-1 వీసాలు గానీ గ్రీన్‌కార్డు గానీ రావు. జె-2 వీసాపై వెంట వచ్చే జీవిత భాగస్వామికీ ఇదే వర్తిస్తుంది. చాలామంది ఈ సంగతి గమనించరు. పర్యాటక వీసాకు, మళ్లీ చదువుకోవడానికి ఇచ్చే వీసాకు మాత్రం ఈ అడ్డు లేదు.

ఉదాహరణకు 2028 జూన్‌లో తిరిగి వస్తే 2030 జూన్‌కు గడువు తీరుతుంది. మధ్యలో మూడు నెలలు దుబాయ్‌లో పనిచేస్తే ఆ మూడు నెలలు లెక్కలోకి రావు, సెప్టెంబరు దాకా ఆగాలి. రెండేళ్లూ ఏకధాటిగా ఉండనక్కరలేదు, విడతలుగానూ పూర్తి చేయవచ్చు.

భారత ప్రభుత్వం నుంచి అభ్యంతరం లేదనే పత్రం తెచ్చుకుంటే సరిపోతుందని కొందరు చెబుతారు. ఫుల్‌బ్రైట్ వారికి ఆ దారిలో మినహాయింపు దొరకడం చాలా అరుదు, దాన్ని నమ్ముకుని సంతకం చేయకండి.

చదువు కాగానే అమెరికాలో ఉద్యోగమే మీ లక్ష్యమైతే, అప్పు చేసైనా ఎఫ్-1 విద్యార్థి వీసాపై వెళ్లడం నయం కావచ్చు. ఇక్కడ బోధనలోనో ప్రజాసేవలోనో స్థిరపడాలనుకుంటే మాత్రం ఈ షరతు మీకు భారమే కాదు.