కొమొరెబి గురించి, నీ కథలో మూడో పేజీ గురించి

అమ్మాయ్,

కథ అందింది. రెండుసార్లు చదివాను. టోక్యోలో ఉద్యోగం పోయిన కుర్రాడు, డిసెంబరు మధ్యాహ్నం మెయిజీ మందిరం దారిలో నడుస్తూ, ఇంటికి ఫోన్ చెయ్యాలా వద్దా అని తేల్చుకోలేకపోవడం బాగా కుదిరింది. నా పేచీ అంతా మూడో పేజీతోనే. "ఇంగ్లీషులో కూడా పేరు లేని అద్భుతమైన వెలుగు, కొమొరెబి" అన్నావు. పక్కనే బ్రాకెట్లో ఆకుల సందుల్లోంచి పడే ఎండ అని అర్థం పెట్టి ముందుకెళ్లిపోయావు. ఇంగ్లీషులో ఎందుకు లేదో ఒక్కసారి ఆరా తీసి ఉంటే ఆ పేజీ వేరేలా వచ్చేది.

ఈ జపనీస్ మాటని విప్పి చూద్దాం. కొ, మొరె, బి. కొ అంటే చెట్టు. విడిగా అయితే 'కి' అంటారు, సమాసంలో 'కొ' అవుతుంది. మన ఇల్లు 'ఇంటిపేరు'లో రూపం మార్చుకున్నట్టే. చివరి 'బి' అసలు రూపం 'హి', అంటే సూర్యుడు, ఎండ. హి కాస్తా బి ఎలా అయిందని తెలుగువాళ్లు ఆశ్చర్యపోనక్కర్లేదు. కూర, కాయ కలిస్తే మనకి కూరగాయ అవుతుంది కదా, వాళ్లకీ సమాసంలో రెండో మాట మొదటి హల్లు అలాగే మెత్తబడుతుంది. చేతిని 'తె' అంటారు, కాగితాన్ని 'కమి' అంటారు, రెండూ కలిస్తే 'తెగమి'. అంటే ఉత్తరం, ఇప్పుడు నువ్వు చదువుతున్నదే.

అసలు సంగతి మధ్యలో ఉన్న 'మొరె'ది. అది 'మొరెరు' అనే క్రియ నుంచి వచ్చింది. కారడం, లీకవడం అని అర్థం. గ్యాస్ లీకైనా, ఆఫీసు రహస్యం బయటికి పొక్కినా జపాన్‌లో వాడేది ఈ క్రియనే. ఇల్లు కురవడానికి వాడేది దీని తోబుట్టువు. కాబట్టి కొమొరెబి అంటే ఉన్నదున్నట్టుగా 'చెట్టు కారే ఎండ'. ఆకు అనే మాటే అందులో లేదు, గమనించావా? ఆకు మనం అర్థం చెప్పేటప్పుడు కలుపుకుంటున్నది. మాటలో ఉన్నది చెట్టు ఆపుదామనుకున్నా ఆగకుండా కారిపోయిన ఎండ. అందులో కాస్త గడుసుదనం కూడా ఉందనిపిస్తుంది నాకు.

ఇంగ్లీషు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. రెండు నామవాచకాలు అతికించడం ఇంగ్లీషుకీ వచ్చు. సన్‌లైట్, మూన్‌లైట్ అలా పుట్టినవే. కానీ చెట్టుకీ ఎండకీ మధ్య ఒక క్రియని ఇరికించి మొత్తాన్ని మళ్లీ మామూలు నామవాచకంలా పలకడం ఆ భాషకి ఒంటబట్టదు. జపనీస్‌లో క్రియకి ఉన్న ఒక రూపం నామవాచకంలా కూడా నడుస్తుంది కనుక, ఆ అతుకు కనపడకుండా పడిపోతుంది. అంతేగానీ ఇంగ్లీషువాళ్లు చెట్ల కింద ఎండ చూడలేదనో, జపాన్‌వాళ్లకి మాత్రమే ఆ కన్ను ఉందనో అనుకోకు. నీ వాక్యంలో ఆ వాసన కొంచెం ఉంది.

నిజానికి ఇంగ్లీషులో దీనికి ముక్కలుముక్కలుగా మాటలున్నాయి. 'డ్యాపుల్డ్' అంటారు, మచ్చల గుర్రం ఒంటికి వాడేది కూడా ఆ మాటే. అది ఎండ పడిన చోటు ఎలా కనిపిస్తోందో చెబుతుంది, ఎండ ఎలా వచ్చిందో చెప్పదు. తోటపని చేసేవాళ్లు దాన్నే నీడకి తగిలించి 'డ్యాపుల్డ్ షేడ్' అంటారు. ఆ మొక్కకి పూర్తి ఎండా వద్దు, పూర్తి నీడా వద్దు అని చెప్పడానికి. 'సన్‌బీమ్' గాలిలో కనిపించే ఒక కిరణం, అదీ దుమ్మో మంచో ఉంటేనే. అడవుల మీద పరిశోధన చేసేవాళ్లకి 'సన్‌ఫ్లెక్' ఉంది. పెద్ద చెట్ల కింద నేల మీద కాసేపు పడి పోయే ఎండ మచ్చ అది. మన 'ఎండపొడ' దానికి దగ్గరగా వస్తుంది. ఒకటి నేలని పట్టుకుంది, ఒకటి గాలిని, ఇంకొకటి నీడని. కొమొరెబి వీటిలో ఏ చోటుకీ కట్టుబడలేదు. జరుగుతున్న పనికి పేరు పెట్టింది కనుక కొమ్మల దగ్గర మెరుపు, మధ్యలో కిరణం, నేల మీద కదిలే మచ్చ, అన్నీ దానిలోకి వస్తాయి.

జెరార్డ్ మాన్లీ హాప్కిన్స్ అనే కవి 1888లో రాసిన ఒక పద్యంలో దీనికి ఇంగ్లీషు మాట పుట్టించాడు కూడా. ఎల్మ్ చెట్టు కింద, సున్నం కొట్టిన గోడ మీద పడే వెలుగు చీలికల్ని 'షైవ్‌లైట్స్' అన్నాడు. వాటితో అల్లుకున్న నీడల కోసం ఇంకో మాట కల్పించి పక్కనే పెట్టాడు. ఆ పద్యాలు అచ్చయ్యేసరికి 1918 అయింది, అప్పటికి ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ మాట మామూలు వాడుకలోకి ఎక్కలేదు. కవి కల్పించిన మాటకీ, వృద్ధాశ్రమాలకీ పిల్లల బళ్లకీ పేరుగా పెట్టుకునే మాటకీ తేడా అదే. కొమొరెబి జపాన్‌లో బోర్డుల మీద కనిపించే పేరు. నీ కుర్రాడు మూడేళ్లుగా టోక్యోలో ఉంటున్నాడన్నావు కాబట్టి దాన్ని అంత భక్తిగా పలకడు.

ఇక నీ దృశ్యం. "ఆకుల ఆకారంలో వెలుగు ముక్కలు నేల మీద" అని రాశావు. ఈసారి చెట్టు కిందకి వెళ్లి చూడు. సందు ఏ ఆకారంలో ఉన్నా, అది చిన్నదైతే, కింద పడే మచ్చ గుండ్రంగానే ఉంటుంది. ప్రతి చిన్న సందూ సూదిబెజ్జం కెమెరాలా పనిచేసి సూర్యుడి బొమ్మని నేల మీద వేస్తుంది. 2012 మే 21 ఉదయం టోక్యోలో కంకణాకార గ్రహణం పట్టినప్పుడు చెట్ల కింద మచ్చలన్నీ ఉంగరాలైపోయాయి. సందు పెద్దదైతే మాత్రం ఈ లెక్క పనిచెయ్యదు, దాని ఆకారమే కింద పడుతుంది.

మచ్చ ఎంత ఉంటుందో కూడా లెక్క తేల్చొచ్చు. సందు నుంచి నేలకి కిరణం నడిచిన దూరంలో సుమారు 108వ వంతు. జూన్ మధ్యాహ్నం టోక్యోలో సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. 10 మీటర్ల ఎత్తున ఉన్న సందుకి సుమారు 9, 10 సెంటీమీటర్ల మచ్చ, ఇంచుమించు గుండ్రంగా పడుతుంది. నీ కథ డిసెంబరు చివర్లో కదా. అప్పుడు మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 31 డిగ్రీల ఎత్తు దాటడు. కిరణం ఏటవాలుగా 19 మీటర్ల పైచిలుకు నడిచి వస్తుంది. అదే సందుకి మచ్చ 18 సెంటీమీటర్ల వెడల్పు, దానికి రెట్టింపు పొడవు. బెత్తెడు గుండ్రం కాస్తా జానెడు వెడల్పు, మూరకి కాస్త తక్కువ పొడవు ఉన్న కోలమచ్చ అయిపోతుంది. అదే కాస్త వెలుగు అంత మేర పరుచుకోవాలి కనుక వెలవెలబోతుంది కూడా. నీ కుర్రాడి బూటు మొత్తం ఒక మచ్చలో పట్టేస్తుంది. 'చిన్నచిన్న నాణేలు' అన్నావు చూడు, ఆ పోలిక జూన్‌కే చాలీచాలదు, డిసెంబరులో అసలు నిలబడదు.

ఇంకో చిన్న విషయం. ఆ దారిలో 'ఎర్రబడిన మేపుల్ ఆకులు' నెత్తిమీద పెట్టావు. డిసెంబరు చివరికి మేపుల్ చాలావరకు రాలిపోయి ఉంటుంది. మెయిజీ మందిరం అడవి 1920లో మందిరం కట్టినప్పుడు దేశం నలుమూలల నుంచి వచ్చిన సుమారు లక్ష మొక్కలతో వేసింది. అందులో కర్పూర చెట్లు, ఏడాదంతా పచ్చగా ఉండే ఓక్ జాతులు ఎక్కువ. చలికాలంలో కూడా అక్కడ నీడ చిక్కగానే ఉంటుంది. అందుకే కారేది తక్కువ, కారిన చోట బాగా తెలుస్తుంది. నీకు కావలసింది అదే అనుకుంటాను.

ఇలా చెయ్యి. బ్రాకెట్ తీసెయ్, 'అద్భుతమైన' తీసెయ్. కొమొరెబి మాట కుర్రాడి నోట్లోంచి కాదు, దారి ఊడుస్తున్న ఆ ముసలాయన నోట్లోంచి, వాతావరణం గురించి మాట్లాడినట్టు రానివ్వు. జపాన్‌లో 'కొమొరెబి కదులుతోంది' అనడం మామూలే. కుర్రాడు వింటాడు, బూటు పక్కకి జరుపుతాడు, అంతే. అర్థం చెప్పకు, పై వాక్యంలో కోలమచ్చ సరిగ్గా పడితే చదివేవాళ్లకి దానంతట అదే అందుతుంది.

అన్నట్టు, నువ్వు ఒకచోట 'కోమోరేబి' అని దీర్ఘాలు పెట్టావు. అందులో అన్నీ హ్రస్వాలే. మనకి ఒ, ఎ హ్రస్వాలు ఉన్నాయి కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు. ప్రూఫు వచ్చాక నాలుగో పేజీలో కూడా అది దిద్దు. పత్రికవాళ్లు ఎప్పటిలోగా కావాలన్నారో రాయి, అంతకు ముందే ఇంకోసారి చూసి పంపుతాను.

ఆశీస్సులతో,
అక్క