విన్నపమంటే వంగి దండం పెట్టడమా?

సందేహం: ఉద్యోగం మానేసి నెల దాటింది. పాత సంస్థ హెచ్‌ఆర్ విభాగానికి నా సొంత మెయిల్ నుంచి "హాయ్, నా ఎక్స్‌పీరియన్స్ లెటర్, రిలీవింగ్ పేపర్లు కొంచెం పంపించరా, అర్జెంట్" అని రాశాను. ఉలుకూ పలుకూ లేదు. 'విన్నపం' అని మర్యాదగా రాయమంటారు మా నాన్నగారు. నాకు అది వంగి దండం పెట్టినట్టు ఉంటుంది. ఏది సరి?

సమాధానం: ముందు ఆ 'పంపించరా' సంగతి చూద్దాం. మీ ఉద్దేశంలో అది 'పంపించరు' మీద ప్రశ్నార్థకమైన 'ఆ' చేరిన రూపం. ప్రశ్నార్థక చిహ్నం పెట్టకుండా కామా పెట్టారు కనుక చదివేవారికి అది 'ఒరే, పంపించు' అన్నట్టయింది. ముఖం చూస్తూ మాట్లాడేటప్పుడు గొంతు కాపాడుతుంది, కాగితం మీద ఆ రక్షణ లేదు. ఇక 'కొంచెం' అంటారా, అడిగింది ఉత్తరాన్ని, చక్కెరను కాదు.

విన్నపం మీద మీకు కలిగిన చిన్నచూపు నన్ను బాధించింది. యజ్ఞం జన్నమైంది, సంజ్ఞ సన్న అయింది, అదే దారిలో విజ్ఞాపనం విన్నపమైంది. సంస్కృతంలో 'జ్ఞా' అంటే తెలుసుకోవడం, 'జ్ఞాపనం' అంటే తెలిసేలా చేయడం. అంటే విన్నపంలో వేడుకోలు మొదట లేనే లేదు. ఎదుటివారికి తెలియని సంగతిని తెలియజేయడమే విన్నవించడం. ఏలికల ముందు నిలబడి విన్నవించీ విన్నవించీ ఆ మాటకు నడుము వంగింది గానీ, పుట్టుకతో అది నిటారుగా నిలిచిన మాటే. విజ్ఞప్తి దాని తోబుట్టువు. అడగడం ప్రధానమైన మాట ప్రార్థన. అర్జీ అరబ్బీ నుంచి వచ్చింది, దాని సంగతి మరోసారి.

ఈ అర్థంతో చూస్తే మీ మెయిల్‌లో అడగడం ఉంది, తెలియజేయడం లేదు. ఉద్యోగం వదిలాక ఆఫీసు మెయిల్ మూతపడుతుంది. సొంత మెయిల్ నుంచి 'హాయ్' అన్నది ఎవరో ఆ విభాగం వారు ఎలా పోల్చుకుంటారు? 'అర్జెంట్' అన్నారు, ఏ తేదీకో చెప్పలేదు. పైగా మీరడిగినవి రెండు వేర్వేరు పత్రాలు. ఏ హోదాలో, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు పనిచేశారో చెప్పేది మొదటిది. రాజీనామాను ఆమోదించి ఫలానా తేదీన మిమ్మల్ని విధుల నుంచి తప్పించామని చెప్పేది రెండోది. అప్పగింతలు పూర్తికాలేదని ఆపేది సాధారణంగా ఈ రెండోదాన్నే. కాబట్టి అప్పగించినవేమిటో మీరే ముందు తెలియజేయాలి.

నేనైతే ఇలా రాస్తాను. తేదీలు నేను ఊహించి వేసినవి, మీవి పెట్టుకోండి.

"విషయం: అనుభవ ధ్రువపత్రం, రిలీవింగ్ లెటర్ కోసం విజ్ఞప్తి (ఉద్యోగి సంఖ్య: ...)

మానవ వనరుల విభాగం వారికి నమస్కారం. నేను అకౌంట్స్ విభాగంలో సహాయకుడిగా 2022 జూన్ 6 నుంచి 2025 మార్చి 28 వరకు పనిచేశాను. నా రాజీనామాను ఆమోదిస్తూ ఫిబ్రవరి 27న మీరు పంపిన మెయిల్‌ను జతచేస్తున్నాను. ల్యాప్‌టాప్, గుర్తింపు కార్డు చివరి పనిదినాన అప్పగించాను; రసీదు కూడా జతచేశాను. పై రెండు పత్రాలు నాకు ఇంకా అందలేదు. వాటిని కొత్త సంస్థలో మే 12లోగా ఇవ్వవలసి ఉన్నందున, మే 8లోగా ఈ మెయిల్‌కు పంపవలసిందిగా కోరుతున్నాను. నా వైపు నుంచి పూర్తిచేయవలసింది ఏదైనా మిగిలి ఉంటే తెలియజేయండి."

ఆ చివరి వాక్యాన్ని తీసేయకండి. పత్రం ఆగడానికి కారణం ఏదైనా ఉంటే అది బయటపడేది దానివల్లనే.

'పంపగలరు' అని రాయలేదు, గమనించారా? 'పంపగలరు' అంటే పంపే శక్తి వారికి ఉందని అర్థం. ఆ శక్తి మీద మనకు అనుమానం లేదు కదా! ఈ 'గలరు' ఇప్పుడు ప్రతి నోటీసులోనూ కనిపిస్తోంది. వాడుక అంతగా పాతుకుపోయాక తప్పని కొట్టివేయలేను, నా కలం మాత్రం దాన్ని రాయదు. రిలీవింగ్ లెటర్‌ను ఒకచోట 'ఉపశమన పత్రం' అన్నారు, తలనొప్పి తగ్గిందని వైద్యుడు ఇచ్చినట్టు. 'విముక్తి పత్రం' అంటే చెరసాల గుర్తొస్తుంది. మంచి మాట దొరికేదాకా రిలీవింగ్ లెటర్ అనే ఉంచుకోవచ్చు.

విషయం దగ్గర విజ్ఞప్తి అని ఉన్నా, విన్నపమని ఉన్నా నాకు అభ్యంతరం లేదు. నా మొగ్గు విన్నపం వైపే, ఆఫీసులకు మాత్రం విజ్ఞప్తి అలవాటు. చివర 'ఇట్లు' అని పేరు, ఫోను నంబరు చాలు. 'తమ విధేయుడు' అక్కర్లేదు, ఆ విధులు మార్చి 28తోనే ముగిశాయి. రిలీవింగ్ లెటర్ చేతికి రాలేదు కనుక ఇంకా విధేయుడినే అని మీ నాన్నగారు వాదిస్తే, ఆ మాటలో కొంత న్యాయం ఉందని ఒప్పుకుంటాను.