నీళ్లు పాలధారలా, రాళ్లు రాళ్లలా

ప్రశ్న: చాటికోన జలపాతాన్ని ప్రో మోడ్‌లో అర సెకను పెట్టి తీస్తే ఫొటో అంతా తెల్లగా పోతోంది. చీకటి పడే వేళ తీస్తే రాళ్లు కూడా చెదిరిపోతున్నాయి. ఫోను ఆండ్రాయిడ్, ట్రైపాడ్ ఉంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: మొదటిది వెలుతురు సమస్య. పెద్ద కెమెరాలో లెన్సు ద్వారాన్ని చిన్నది చేసి వెలుతురు తగ్గించవచ్చు. చాలా ఫోన్లలో అది మారదు, ఎఫ్/1.8కి అటూ ఇటూగా ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది. అందుకే ఐఎస్‌ఓ 50కి దించినా నడి ఎండలో సెకనులో నాలుగువేల వంతు చాలు. అర సెకను పెడితే దానికి రెండువేల రెట్లు వెలుతురు పడుతుంది. తెల్లబోక ఏమవుతుంది?

ఎండ కొండ వెనక్కి దిగాక, వెలుతురు పూర్తిగా పోకముందే తీయండి. చీకటి పడితే పాచి రాళ్ల మీద నడవడం ప్రమాదం కూడా. ముందు ఐఎస్‌ఓ 50 పెట్టి, నురగలో గీతలు కనిపించేదాకా షట్టర్ స్పీడ్ సరిచేయండి. అది 1/30 దగ్గర కుదిరిందనుకుందాం. ఇప్పుడు 1ఎక్స్ కెమెరా మీద ఎన్‌డీ16 ఫిల్టర్ క్లిప్పు పెట్టండి. అది పదహారో వంతు వెలుతురునే లోపలికి వదులుతుంది కాబట్టి షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని పదహారు రెట్లు పెంచవచ్చు, అంటే దాదాపు అర సెకను. అదే 1/125 దగ్గర కుదిరితే ఎన్‌డీ64 కావాలి. అర సెకనులో నీటి పాయలు విడివిడిగా కనిపిస్తాయి. మూడు, నాలుగు సెకన్లకు పోతే అన్నీ కలిసి దూది ముద్దవుతాయి. నాకైతే అర సెకనే అందం.

రెండోది కదలిక. ఎక్కడ కదిలిందో ఫొటోయే చెబుతుంది. తడి రాయి మీద మెరిసే చుక్కల్ని పెద్దవి చేసి చూడండి. చుక్కలన్నీ ఒకే వంపు తిరిగిన గీతల్లా ఉంటే ఫోనే కదిలింది. ఆకులు మాత్రమే చెదిరి రాళ్లు నిలిచి ఉంటే అది గాలి పని, దానికి ట్రైపాడ్ ఏమీ చేయలేదు.

ఫోను కదలడానికి ఎక్కువసార్లు కారణం మన వేలే. తెర తాకిన ఊపు ఆగడానికి సమయం కావాలి. టైమర్ 2 సెకన్లు పెట్టండి, ట్రైపాడ్ తేలికదైతే 5. దాని నడిమి కడ్డీని పైకి లాగవద్దు, అక్కడే ఊగుతుంది. కాళ్లను పారే నీటిలో కాకుండా గట్టి రాతి మీద పెట్టండి. కడ్డీకి సంచి వేలాడదీస్తే దాని అడుగు నేలకు ఆనాలి. గాలిలో వేలాడే సంచి లోలకంలా ఊగి ట్రైపాడ్‌నే కదిలిస్తుంది.

ఫోకస్‌ను మాన్యువల్‌లో రాయి మీద నిలపండి. ఆటోలో వదిలితే కదిలే నీటిని చూసి మారుతూ ఉంటుంది. తీసే ముందు ప్రతిసారీ లెన్సు మీది తుంపర్లు తుడవండి. ఒక్క చుక్క ఉన్నా ఆ చోట మసక మచ్చ పడుతుంది, దాన్ని చేయి కదిలిందని పొరబడతాం.